చివర్న ఉన్న 'లేదు' తెగిపోతే: డిస్కవర్ ఫీడ్ కోసం ఒక తిరుపతి సైట్ శీర్షికలు మార్చిన కేసు

నేపథ్యం

తిరుపతి నుంచి నలుగురు కలిసి నడుపుతూ, మమ్మల్ని సలహాకు పిలిచిన తెలుగు సమాచార సైట్ ఇది. పేరు, గుర్తుపట్టే వివరాలు తీసేశాం. ఇక్కడ ఉదహరించిన శీర్షికల్లో కూడా ఒకటి రెండు మాటలు మార్చాం. సైట్లో రెండు రకాల వ్యాసాలు ఉంటాయి. ఒకటి తిరుమల యాత్ర: నడకదారులు, దర్శనం టోకెన్లు, ఘాట్ రోడ్లు, వసతి. రెండోది చిత్తూరు వైపు వ్యవసాయం, అందులోనూ ఎక్కువగా మామిడి. మొదటి రకం ఏడాది పొడుగునా చదువుతారు. రెండోది వేసవిలో ఊపందుకుంటుంది.

ఈ సైట్ గూగుల్ వెతుకులాట మీదే పెరిగింది. 'శ్రీవారి మెట్టు ఎన్ని మెట్లు' అని ఎవరైనా టైపు చేస్తే మొదటి పేజీలో కనబడుతుంది. కాబట్టి శీర్షిక రాయడమంటే జనం టైపు చేసే మాటలన్నీ ఒక వరుసలో కూర్చడమే అన్న అలవాటు పడింది. వెతుకులాటలో అది తప్పు కాదు. అడిగినవాడు తన మాటే శీర్షికలో కనబడితే 'ఇదే నాకు కావలసింది' అనుకుని నొక్కుతాడు.

గూగుల్ డిస్కవర్‌లో ఆ అడిగేవాడే ఉండడు. ఫోన్లో హోమ్ స్క్రీన్ నుంచి పక్కకు జరిపితేనో, క్రోమ్‌లో కొత్త ట్యాబ్ తెరిస్తేనో వచ్చే కార్డుల వరుస అది. 2018 సెప్టెంబరులో ఈ పేరు వచ్చింది, అంతకుముందు గూగుల్ ఫీడ్ అనేవాళ్లు. మనిషి ఏమీ టైపు చేయడు. అతను గతంలో ఏం చదివాడు, ఏం వెతికాడు అన్నదాన్ని బట్టి విషయాలు ముందుకొస్తాయి. దీనికి ప్రత్యేకంగా నమోదు చేసుకోవడం అంటూ లేదు. గూగుల్ ఇండెక్స్‌లో ఉండి, దాని కంటెంట్ నియమాలకు లోబడిన ఏ పేజీ అయినా రావచ్చు. వస్తుందన్న హామీ మాత్రం లేదు.

సమస్య ఏ రూపంలో వచ్చింది

సైట్ నడిపేవాళ్లకు గూగుల్ లెక్కలు చూపించే సెర్చ్ కన్సోల్‌లో డిస్కవర్‌కు విడిగా ఒక నివేదిక ఉంటుంది. ఫీడ్‌లో కనీసమైన కనబాటు ఉన్న సైట్లకే అది తెరుచుకుంటుంది. ఈ సైట్‌కు తెరుచుకుంది, అంటే గూగుల్ కార్డులు చూపిస్తోంది. చిక్కల్లా నొక్కకపోవడం. వెయ్యిసార్లు కార్డు కళ్లబడితే పదిహేను నొక్కులు కూడా పడడం లేదు. వెతుకులాటలో బాగా నడిచే వ్యాసాలే ఇక్కడ అన్నిటికంటే వెనకబడ్డాయి.

మేం మొదట చూసింది ఆ నివేదికలో లేనివి ఏమిటని. ఎవరు ఏ మాట వెతికి వచ్చారన్న పట్టిక అందులో ఉండదు, సగటు స్థానమూ ఉండదు. కనబాట్లు, నొక్కులు, వాటి నిష్పత్తి, ఏ పేజీ, ఏ దేశం, ఏ రోజు అన్నవే ఉంటాయి. కాబట్టి 'ఏ కీవర్డ్ తగ్గింది' అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరకదు, ఎందుకంటే ప్రశ్నే తప్పు. పేజీలను కనబాట్ల క్రమంలో పేర్చి, ఎక్కువ కనబడి తక్కువ నొక్కుపడిన ఇరవై పేజీలు తీసి, ఒక్కొక్క కార్డును ఫోన్లో ఎలా కనబడుతుందో అలా చూడటం ఒక్కటే దారి.

అలా చూసినప్పుడు మూడు సంగతులు బయటపడ్డాయి. శీర్షికలు మాటల మూటల్లా ఉన్నాయి. బొమ్మల మీద పసుపు రంగు అక్షరాలు, వాటి చుట్టూ ఎర్ర గీత. ఇక యాత్ర వ్యాసాల్లో సగానికిపైగా ఒకటే గోపురం ఫొటో. ఒకసారి ఆ గోపురం చూసినవాడు రెండోసారి కనబడితే 'ఇది చదివిందే' అనుకుని వేలితో పైకి తోసేస్తాడు.

అయితే సైట్‌వాళ్లు మమ్మల్ని పిలిచింది నొక్కులు తక్కువని కాదు. ఒక వానాకాలం జరిగిన సంగతి వాళ్లను కంగారు పెట్టింది. భారీ వర్షాలకు ఘాట్ రోడ్లు మూసేశారని వాట్సాప్‌లో తిరుగుతుంటే, అది నిజం కాదని వీళ్లు వ్యాసం రాశారు. శీర్షిక ఇది: 'భారీ వర్షాల నేపథ్యంలో తిరుమల మొదటి, రెండో ఘాట్ రోడ్లలో వాహనాల రాకపోకలను నిలిపివేశారన్న ప్రచారంలో నిజం లేదు'. బొమ్మ మీద ఒక చివర నుంచి ఇంకో చివరకు 'ఘాట్ రోడ్డు మూసివేత లేదు' అని ఉంది. కార్డులో శీర్షిక 'నిలిపివేశారన్న' దగ్గర మూడు చుక్కలతో ఆగిపోయింది. బొమ్మ రెండు పక్కలా కత్తిరించుకుపోయి 'రోడ్డు మూసివేత' అన్నంతవరకే మిగిలింది. వదంతిని ఖండించే వ్యాసమే వదంతిని మోసింది. ప్రయాణం మానుకోవాలా అని పాఠకులు సైట్‌కు ఫోన్లు చేశారు.

ఈ కేసులో అసలు పాఠం అక్కడే ఉంది, కానీ దాన్ని పట్టుకోవడానికి మాకూ కొంత కాలం పట్టింది.

మొదట చేసినవి, అవి ఎందుకు పారలేదు

మొదటి ప్రయత్నం మేం రాకముందే సైట్‌వాళ్లు చేశారు: శీర్షికలో ఇంకొన్ని మాటలు చేర్చడం. నడకదారి వ్యాసానికి 'శ్రీవారి మెట్టు మెట్ల సంఖ్య, టైమింగ్స్, టోకెన్లు, అలిపిరి మెట్లు ఎన్ని, తిరుమల నడకదారి పూర్తి వివరాలు' అని పెట్టారు. మామిడి వ్యాసాల్లో ఇది ఇంకా ముదిరింది. చిత్తూరులో బేనీషా అంటే కోస్తాలో బంగినపల్లి అంటారు, ఇక్కడి తోతాపురిని అక్కడ కలెక్టర్ కాయ అంటారు. ఎవరు ఏ పేరుతో వెతికినా దొరకాలని అన్ని పేర్లూ శీర్షికలోకి ఎక్కించారు. మాటలు తీసేయమంటే సైట్ నడిపే ఆయన అడిగిన ప్రశ్న న్యాయమైనదే: "అవి తీసేస్తే మనం దేని గురించి రాశామో గూగుల్‌కు ఎట్లా తెలుస్తుంది సార్?"

తెలుస్తుంది. విషయం ఏమిటన్నది పేజీ మొత్తం చదివి నిర్ణయించే పని. వ్యాసం మొదటి పేరాలోనే 'బేనీషా, అంటే బంగినపల్లి' అని ఒకసారి రాస్తే చాలు. ఫీడ్‌లో శీర్షికకు ఆ పని లేదు. దాని పని ఎదురుగా ఉన్న మనిషికి ఇది ఎవరికి సంబంధించింది, ఇందులో ఏం తెలుస్తుంది అని చెప్పడం. ఐదు పేర్లు వరుసగా కనబడితే కార్డు చూసేవాడికి అది దుకాణం బోర్డులా ఉంటుంది తప్ప, చదవాల్సిన సంగతి ఉందనిపించదు.

రెండో ప్రయత్నం బొమ్మ మీది అక్షరాలు పెంచడం. డిజైన్ చేసే కుర్రాడు ఫ్లెక్సీల పనిలోంచి వచ్చినవాడు. "అక్షరం పెద్దది చేస్తే దూరం నుంచి కనబడుతుందన్నా" అన్నాడు. ఫ్లెక్సీకి అది సరే. ఫోన్ లెక్క వేరు. ఆ లెక్క ఒకసారి వేసి చూపించాం.

బొమ్మ 1200 పిక్సెళ్ల వెడల్పు, 675 ఎత్తు అనుకుందాం. మామూలు ఫోన్ తెర వెడల్పు 360 యూనిట్లు, రెండు పక్కలా అంచులు పోతే పెద్ద కార్డులో బొమ్మకు సుమారు 328 దక్కుతాయి. బొమ్మ మీద 60 పిక్సెళ్ల ఎత్తుతో రాసిన అక్షరం తెర మీద 16 యూనిట్లకు కుంచించుకుపోతుంది. ఇంగ్లిషు అక్షరానికి అది సరిపోవచ్చు. తెలుగులో ఆ ఎత్తులోనే పైన గుడి, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు ఇమడాలి. చుట్టూ ఎర్ర గీత కూడా ఉంటే 'మెట్టు'లో టవత్తు మసకబారిపోతుంది. ఇదే చిన్న కార్డు అయితే, పక్కన చతురస్రంగా 100 యూనిట్ల బొమ్మ పడుతుందనుకోండి. 1200 వెడల్పులోంచి మధ్య 675 మాత్రమే మిగిలి, రెండు పక్కలా 262 పిక్సెళ్ల చొప్పున పోతాయి. మిగిలిన అక్షరం 9 యూనిట్లకు దిగుతుంది. చదవలేం, పైగా వాక్యం రెండు చివరలూ ఉండవు. అక్షరం ఎంత పెంచితే వాక్యం అంత వెడల్పు తీసుకుంటుంది, అంత ఎక్కువ తెగుతుంది. 'ఘాట్ రోడ్డు మూసివేత లేదు'లో 'లేదు' పోయింది ఇలాగే.

ఇంకో నష్టం కూడా ఉంది. ఫోన్లో అక్షరం సైజు పెంచుకున్న పెద్దవాళ్లకు శీర్షిక పెద్దదవుతుంది కానీ బొమ్మలోని రాత అలాగే ఉంటుంది. యాత్ర సమాచారం చదివేవాళ్లలో అలా పెంచుకున్నవాళ్లు తక్కువేం కాదు.

మూడో ప్రయత్నం మేం వద్దన్నా రెండు వారాలు నడిచింది: ఊరించే శీర్షికలు. 'మీరు తింటున్న మామిడి విషమా? తెలిస్తే నమ్మలేరు' లాంటివి. మొదటి మూడు నాలుగు రోజులు నొక్కులు పెరిగాయి, నిజమే. తర్వాత కొత్త వ్యాసాలకు కనబాట్లే తగ్గిపోయాయి. రెండింటికీ ముడి ఉందని రుజువు చేయలేం, ఫీడ్‌లో హెచ్చుతగ్గులు వాటంతట అవే వస్తుంటాయి. కానీ గూగుల్ రాసి పెట్టిన సూచనలే ఈ తీరును పేరు పెట్టి వద్దంటున్నాయి: సంగతి అర్థం కావడానికి అవసరమైన ముక్కను దాచిపెట్టడం, లేనిదాన్ని పెంచి చూపడం, భయమో కోపమో రేపి నొక్కించడం. అంతకన్నా దగ్గర కారణం ఇంకొకటి. వ్యాసంలో విషం లేదు. మాగబెట్టడంలో తేడాలున్నాయి, అంతే. నొక్కి వచ్చినవాడు పది సెకన్లలో వెనక్కి పోతున్నాడు.

పనిచేసినవి

ముందు సాంకేతికంగా అడ్డం ఉన్నవి తీశాం, ఎందుకంటే బొమ్మే చిన్నగా పడుతుంటే శీర్షిక ఎంత మార్చినా ఫలితం తెలియదు. సైట్ వర్డ్‌ప్రెస్ మీద ఉంది. వర్డ్‌ప్రెస్ 5.7 నుంచి పెద్ద బొమ్మకు అనుమతి ఇచ్చే `max-image-preview:large` తనంతట తానే పేజీలో పెడుతుంది. ఇక్కడ ఒక ప్లగిన్ దాన్ని `standard` గా మార్చేసింది. రెండో లోపం ఇంకా చిన్నది, ఇంకా మోసపూరితమైనది. పేజీని బయట చూపేటప్పుడు ఏ బొమ్మ వాడాలో చెప్పే `og:image` కోసం థీమ్ 'large' సైజు తీసుకుంటోంది. పేరు large అయినా వర్డ్‌ప్రెస్‌లో దాని పరిమితి 1024 పిక్సెళ్లే. గూగుల్ అడిగేది కనీసం 1200 వెడల్పు. అసలు ఫొటో ఎంత పెద్దదైనా బయటకు వెళ్లేది 1024 అన్నమాట. అసలు సైజునే ఇచ్చేలా మార్చాం.

తర్వాత ఒకే వ్యాసానికి రెండు శీర్షికలు పెట్టాం. వెతుకులాటలో నడుస్తున్నదాన్ని చెడగొట్టకూడదు కదా. `<title>` లో జనం వెతికే మాటలు, `og:title` లోనూ పేజీ పైన కనబడే శీర్షికలోనూ ఫీడ్ కోసం రాసినది.

```html
<title>శ్రీవారి మెట్టు: మెట్ల సంఖ్య, అలిపిరి దారితో పోలిక</title>
<meta property="og:title"
 content="శ్రీవారి మెట్టుకు మెట్లు తక్కువే, ఎక్కుడు మాత్రం నిటారు">
<meta property="og:image"
 content="https://example.com/mettu-1600x900.jpg">
<meta name="robots" content="max-image-preview:large">
```

గూగుల్ ఎక్కడ ఏది తీసుకుంటుందన్నది మన చేతిలో ఉండదు. మేం ఫోన్లలో చూసినంతవరకు ఫీడ్ కార్డుల్లో ఎక్కువగా `og:title` ది కనబడింది, అప్పుడప్పుడు రెండోది వచ్చింది. అందుకే రెండూ వేర్వేరు మాటలతో ఉండవచ్చు గానీ వేర్వేరు సంగతులు చెప్పకూడదు. ఒకదాంట్లో అంకె మారిస్తే రెండోదాంట్లోనూ మార్చాలి.

ఆ నడకదారి శీర్షిక ఎలా కుదిరిందో చెబుతాను. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టులో 2,388. మొదట అంకెలతోనే రాశాం: 'అలిపిరి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు 2,388'. శుభ్రంగా ఉంది, కానీ చదివినవాడికి జవాబు దొరికిపోయింది, ఇక నొక్కడు. పైగా తప్పు జవాబు దొరికింది. మెట్లు తక్కువ కాబట్టి శ్రీవారి మెట్టు తేలిక అనుకుంటాడు. నిజానికి అది దూరం తక్కువ, నిటారు ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న అమ్మను తీసుకెళ్లేవాడికి కావలసింది ఆ ముక్క. దాన్ని దాచిపెట్టి 'ఏ దారి తేలికో తెలుసా?' అని అడగడం ఊరించడం అవుతుంది. ఆ ముక్కనే శీర్షికలో చెప్పేశాం. ఎంత నిటారు, ఎక్కడ కూర్చోవచ్చు, ఎంత సేపు పడుతుంది అన్నవి లోపల ఉన్నాయి. సంగతి చెప్పేసిన తర్వాత కూడా చదవడానికి ఏదో మిగిలి ఉంటేనే అది వ్యాసం. మిగలకపోతే లోపం శీర్షికది కాదు.

కత్తెర పరీక్ష

ఇప్పుడు ఘాట్ రోడ్డు సంగతికి వస్తాను. తెలుగు వాక్యంలో క్రియ చివర్న వస్తుంది. అవునా కాదా అన్నది ఆ క్రియలోనే ఉంటుంది: 'మూసేశారు', 'మూసేయలేదు', 'మూసేశారన్నది అబద్ధం'. కార్డు కత్తిరించేది కూడా చివరినే. అంటే మన వాక్యానికి ప్రాణం ఎక్కడ ఉందో కత్తెర సరిగ్గా అక్కడే పడుతుంది. ఇంగ్లిషులో రాసే వాళ్ల సూచనలు చదివితే ఈ ప్రమాదం కనబడదు, వాళ్ల క్రియ వాక్యం మధ్యలోనే వచ్చేస్తుంది.

కాబట్టి ఈ సైట్‌కు ఒకే నియమం పెట్టాం: శీర్షికను ఏ మాట దగ్గర కత్తిరించినా మిగిలినది అబద్ధం కాకూడదు. అరచేతితో చివరి మూడోవంతు మూసి చదవాలి, తర్వాత సగం మూసి చదవాలి. ఘాట్ రోడ్డు శీర్షిక ఇలా మారింది: 'తిరుమల ఘాట్ రోడ్లు రెండూ తెరిచే ఉన్నాయి, మూసేశారన్నది వదంతి'. 'తెరిచే ఉన్నాయి' దగ్గర తెగినా నిజమే. 'రెండూ' దగ్గర తెగితే అర్థం పూర్తికాదు కానీ తప్పుదారి పట్టించదు. పాత శీర్షికలో ముందున్న 'భారీ వర్షాల నేపథ్యంలో' అన్నది పోయింది. పత్రికల భాష నుంచి వచ్చిన ఈ 'నేపథ్యంలో' ఈ సైట్ శీర్షికల్లో ఎన్నిచోట్ల ఉందో లెక్కపెడితే సైట్ నడిపే ఆయనకే నవ్వొచ్చింది. కార్డులో అన్నిటికన్నా ఖరీదైన చోటును అది ఆక్రమించుకుని ఏమీ చెప్పదు.

రెండు చిన్న వాక్యాలుగా విరగ్గొట్టడం ఇక్కడ బాగా పనికొచ్చింది. మొదటి ముక్కలోనే క్రియ వచ్చేస్తుంది కాబట్టి ప్రాణం ముందుకు జరుగుతుంది. అన్న, అనే, గల, కోసమై అంటూ ఒకదాని మీద ఒకటి ఎక్కించిన పొడుగు వాక్యం ఎప్పుడూ ఈ పరీక్షలో తప్పుతుంది.

పొడవు ఎంత ఉండాలన్న ప్రశ్న వచ్చింది. అరవై క్యారెక్టర్లు అని లెక్కపెట్టే పనిముట్లు తెలుగుకు పనికిరావు. 'శ్రీవారి' అన్న మాట కంటికి మూడు అక్షరాలు, కంప్యూటర్ లెక్కలో ఎనిమిది: శ, హల్లు గుర్తు, ర, ఈత్వం, వ, ఆత్వం, ర, ఇత్వం. 'కాణిపాకం' కంటికి నాలుగు అక్షరాలు, దానికీ లెక్కలో ఎనిమిదే పడుతుంది, కానీ తెర మీద ఎక్కువ చోటు తీసుకుంటుంది. వత్తులు కిందికి పెరుగుతాయి, పక్కకు కాదు. అందుకే లెక్క మానేసి, కార్డు వెడల్పుతో ఒక ఖాళీ పేజీ చేసి అందులో శీర్షిక అతికించి చూడమన్నాం.

```html
<div style="width:328px;
 font:500 18px/1.5 'Noto Sans Telugu'">
 ఇక్కడ శీర్షిక
</div>
```

రెండు వరుసల్లో అసలు సంగతి వచ్చేయాలి. మూడో వరుస ఉంటే ఉండనీ, అందులో పోయినా నష్టం లేనిది పెట్టాలి. చేతిలో ఉన్న రెండు మూడు ఫోన్లలో, అందులో ఒకదాంట్లో అక్షరం సైజు పెంచి, చూశాకే ప్రచురించాలి.

బొమ్మ పని బొమ్మకు

శీర్షిక తన మాట తాను చెప్పగలిగాక బొమ్మ మీద రాత అక్కర్లేకపోయింది. డిజైన్ కుర్రాడు మొదట ఒప్పుకోలేదు, రాత లేకపోతే తన పని ఏముంది అన్నాడు. అతని పని ఫొటో ఎంచి సరిగ్గా కత్తిరించడంగా మారింది, అది రాత పెట్టడం కన్నా కష్టం.

మామిడి వ్యాసం తీసుకుంటే తెలుస్తుంది. కార్బైడ్‌తో మాగబెట్టిన కాయను ఎలా గుర్తించాలన్నది విషయం. కాల్షియం కార్బైడ్‌కు తేమ తగిలితే అసిటిలీన్ వాయువు వస్తుంది, దాంతో తొక్క రంగు తిరుగుతుంది. పండ్లు మాగబెట్టడానికి దాన్ని వాడటం మన దేశంలో నిషేధం. ఇథిలీన్ వాయువును 100 పీపీఎం దాకా వాడవచ్చు. పాత బొమ్మలో గోనెసంచుల మామిడి, పుర్రె గుర్తు, పైన పెద్ద అక్షరాలతో 'విషం'. కొత్త శీర్షిక: 'తొక్క పసుపు, లోపల పులుపు: కార్బైడ్ మామిడి కోస్తే తెలిసిపోతుంది'. ఇందులో క్రియ చివర్నే ఉంది, కానీ మొదటి నాలుగు మాటల్లోనే సంగతి అయిపోయింది. అక్కడ తెగినా ఏమీ పోదు.

ఆ శీర్షిక చెప్పలేనిది బొమ్మ చూపించాలి. రెండు బేనీషా కాయలు నిలువుగా కోసి పక్కపక్కన పెట్టిన ఫొటో: ఒకదాని కండ టెంక దాకా నారింజ రంగు, రెండోది తొక్క పసుపు, టెంక దగ్గర తెల్లగా పాలిపోయిన కండ. బొమ్మ మీద ఒక్క మాట లేదు. శీర్షిక చదివి బొమ్మ చూస్తే ఏది ఏదో చెప్పనక్కర్లేదు. దామలచెరువు మండీలో తీసిన గుట్టల ఫొటోలు చాలా ఉన్నా, అవి 'మామిడి' అని మాత్రమే చెబుతాయి. తేడా చూపించవు.

ఈ ఫొటోకు మొదటిసారి ఎదురైన చిక్కు అందరికీ ఎదురయ్యేదే. ఊళ్లోంచి వాట్సాప్‌లో వచ్చింది, నిలువు ఫొటో, 1200 వెడల్పు 1600 ఎత్తు. వెడల్పు సరిపోయింది కదా అని అలాగే పెట్టేశారు. అడ్డంగా 16:9 లోకి కత్తిరిస్తే ఎత్తులో 675 మాత్రమే మిగులుతుంది, అంటే సగానికన్నా తక్కువ. కాయల పైభాగం, కింది భాగం పోయి పసుపు ముద్దలు మిగిలాయి. మళ్లీ ఫోన్ అడ్డంగా పట్టుకుని తీయించాం. తీసేవాళ్లకు చెప్పింది ఒకటే: చూపించాల్సినది ఫొటో మధ్య చతురస్రంలో ఉండాలి, రెండు పక్కలా ఉన్నది పోయినా బొమ్మ అర్థం కావాలి. 1600కి 900 బొమ్మలో ఆ చతురస్రం 900కి 900. కాయలు రెండూ దగ్గరగా జరిపితే అందులో ఇమిడాయి.

గోపురం ఫొటోను యాత్ర వ్యాసాల నుంచి దాదాపుగా తీసేశాం. నడకదారికి మెట్ల నిటారు తెలిసేలా కింది నుంచి పైకి తీసిన ఫొటో, ఘాట్ రోడ్డుకు రోడ్డే. ఏ దారి గురించి రాశామో ఆ దారి ఫొటోనే ఉండాలన్నది పట్టుదలగా పాటించాం. పైకి వెళ్లేది రెండో ఘాట్ రోడ్డు, దిగేది మొదటిది. ఒకదాని వార్తకు ఇంకోదాని ఫొటో పెడితే తెలిసినవాడు ఇట్టే పట్టేస్తాడు.

ఫలితాన్ని ఎలా చదివాం

ఫీడ్‌లో ఒకే వ్యాసానికి రెండు శీర్షికలు పెట్టి సగం మందికి ఒకటి, సగం మందికి ఇంకొకటి చూపే వీలు మన చేతిలో లేదు. ఫీడ్‌లో నడుస్తున్న వ్యాసానికి మధ్యలో శీర్షిక మారిస్తే నొక్కులు పెరిగింది మార్పు వల్లనో, ఆదివారం వల్లనో చెప్పలేం. అందుకే ఒకే రకం వ్యాసాలను జతలుగా తీసుకున్నాం: పాత నడకదారి వ్యాసానికి కొత్త నడకదారి వ్యాసం, పోయిన వేసవి మామిడికి ఈ వేసవి మామిడి. ఇరవై జతలు. వెయ్యి కనబాట్లకు పదిహేను లోపు ఉన్న నొక్కులు కొత్తవాటిలో ముప్పై దాటాయి. ఇది ఈ ఒక్క సైట్ లెక్క, శీర్షికతో పాటు బొమ్మ సైజు కూడా మారింది కాబట్టి ఎవరి వాటా ఎంతో విడదీయలేం.

ఒక దశలో సైట్‌వాళ్లు బెదిరిపోయారు. శ్రీవారి మెట్టు వ్యాసం మొదటి రోజు బాగా నొక్కించుకుని, మూడో రోజుకు నిష్పత్తి సగానికి పడిపోయింది. శీర్షిక మార్చేద్దామన్నారు. ఆగమన్నాం. ఆ మూడో రోజున కనబాట్లు ఆరేడింతలయ్యాయి. మొదట తిరుమల గురించి తరచూ చదివేవాళ్లకు చూపించిన ఫీడ్, తర్వాత ఎప్పుడో ఒకసారి చదివేవాళ్లకూ చూపిస్తోంది. ఆసక్తి తక్కువున్నవాళ్లు చేరితే నిష్పత్తి తగ్గక తప్పదు, మొత్తం నొక్కులు మాత్రం పెరిగాయి. నిష్పత్తి ఒక్కటే చూసి శీర్షిక మార్చి ఉంటే నడుస్తున్నదాన్ని ఆపుకునేవాళ్లం. కనబాట్లు పెరగకుండా నిష్పత్తి పడితే అప్పుడు శీర్షికను అనుమానించాలి.

కుదరనివి

300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల విడుదల తేదీ లాంటి వార్తల్లో ఏమీ మారలేదు. ఆ ఒక్క వాక్యాన్ని పెద్ద పత్రికలన్నీ అదే గంటలో ఇస్తాయి. అక్కడ శీర్షిక పదును పెట్టి చిన్న సైట్ చేయగలిగింది తక్కువ, ఆ వార్తలకు సమయం తగ్గించమన్నాం.

క్యూ వార్తలు ఇంకో రకం చిక్కు. 'ఈరోజు సర్వదర్శనానికి ఎంత సమయం' అన్న వ్యాసం ఫీడ్‌లో రెండో రోజు, మూడో రోజు కూడా తేలుతుంది. అప్పటికి 'ఈరోజు' అన్న మాట అబద్ధం. ఇది కూడా కత్తెర లాంటిదే, కాకపోతే కత్తిరించేది కాలం. 'నేడు', 'రేపు', 'తాజాగా' అన్న మాటలు శీర్షికల్లోంచి తీసేసి, తేదీ, పూట ముందే పెట్టించాం: 'శనివారం 14 సాయంత్రం: కంపార్ట్‌మెంట్లు నిండి క్యూ బయటకు'. ఆదివారం చూసినవాడికి అది పాతదని తెలిసిపోతుంది, నొక్కడు. నొక్కులు తగ్గుతున్నాయని సైట్‌వాళ్లు ఇప్పటికీ గొణుగుతారు, తేదీని మాత్రం తీసేయలేదు.